ఫోన్ స్క్రీన్ టీవీలో పెడితే ఆగి ఆగి వస్తోంది, కాస్ట్ గుర్తు నొక్కితే టీవీ పేరే రావడం లేదు. ఏ పద్ధతి వాడాలి?

శ్రీధర్_ములుగు | మంగళవారం రాత్రి 9:14

శనివారం రాత్రి 8 గంటలకి మా చిన్నాన్న కూతురి పెళ్లి, న్యూజెర్సీలో, అక్కడికి ఉదయం 10:30. మా వైపు నుంచి ఎవరం వెళ్లలేకపోతున్నాం కాబట్టి వాళ్లు యూట్యూబ్ లైవ్ లింక్ పంపుతున్నారు. అన్‌లిస్టెడ్ లింక్ అది, టీవీలో పేరు కొట్టి వెతికితే దొరకదు, నా ఫోన్‌లో వాట్సాప్‌కి వచ్చిన లింక్ నొక్కితేనే తెరుచుకుంటుంది. నాయనమ్మతో సహా ఇంటిల్లిపాదీ హాల్లో కూర్చుని టీవీలో చూడాలని ప్లాన్.

ఇవాళ వేరే వీడియోతో ట్రయల్ వేశాను. ఫోన్‌లో పైనుంచి కిందికి లాగితే వచ్చే స్క్రీన్ షేర్ గుర్తుతో టీవీకి కలిపితే వచ్చింది గానీ వీడియో ఆగి ఆగి వస్తోంది, మాటకీ పెదవులకీ పొంతన లేదు. మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే టీవీ నిండా ఆ కాల్ స్క్రీనే. యూట్యూబ్ యాప్‌లో పైన ఇంకో గుర్తు ఉంటుంది కదా, చిన్న డబ్బా, మూలన వైఫై గీతలు, అది నొక్కితే మా టీవీ పేరే చూపించడం లేదు. టీవీ స్మార్ట్ టీవీయే, అందులో యూట్యూబ్ విడిగా బ్రహ్మాండంగా ఆడుతోంది. ఇంట్లో ఫైబర్ నెట్, 100 ఎంబీపీఎస్ ప్లాన్. ఈ రెండు గుర్తులకీ తేడా ఏంటి, నేను దేన్ని పట్టుకుని బాగుచేసుకోవాలి?

కిరణ్_టెక్ | మంగళవారం రాత్రి 9:31

బ్రో రెండూ ఒకటే, పేర్లే వేరు. నీ ఫోన్ 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిసి ఉంటుంది, టీవీ 2.4కి కలిసి ఉంటుంది, అవి వేర్వేరు నెట్‌వర్కులు కాబట్టి ఒకదానికొకటి కనపడవు. రెండూ 2.4కి పెట్టు, పని అయిపోతుంది. మా ఇంట్లో అలాగే సెట్ అయ్యింది.

లలిత_కాకినాడ | మంగళవారం రాత్రి 9:48

నాదీ ఇదే సమస్య అండి. ఫోన్‌లో సినిమా పెట్టి టీవీకి షేర్ చేస్తే యాప్ బొమ్మలన్నీ కనిపిస్తున్నాయి, సినిమా మొదలవగానే టీవీ మొత్తం నల్లగా అయిపోతోంది, మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. టీవీ కొని ఏడాది కూడా కాలేదు. ప్యానెల్ పోయిందేమో అని టెన్షన్‌గా ఉంది, సర్వీస్ వాళ్లని పిలవాలా?

వైఫై_మూర్తి | మంగళవారం రాత్రి 10:22

లలిత గారూ, మీ సమస్య వేరు, ముందు శ్రీధర్ గారిది చూసి మీ దగ్గరికి వస్తాను. ఈలోపు సర్వీస్ వాళ్లని మాత్రం పిలవకండి, టీవీ బాగానే ఉంది.

శ్రీధర్ గారూ, ఆ రెండు గుర్తులూ చేసే పనులు పూర్తిగా వేరు. మీరు పైనుంచి లాగి నొక్కింది మిర్రరింగ్. అందులో ఫోన్ తన తెర మీద కనపడే ప్రతిదాన్నీ అప్పటికప్పుడు వీడియోగా మార్చి టీవీకి పంపుతూనే ఉంటుంది. లైవ్‌ని ఇంటర్నెట్ నుంచి దించుకునేది ఫోనే, విప్పి తెర మీద వేసేది ఫోనే, ఆ తెరని మళ్లీ వీడియోగా కుదించి టీవీకి పంపేదీ ఫోనే. టీవీకి అది యూట్యూబ్ అని కూడా తెలియదు, వచ్చిన బొమ్మని వేస్తుందంతే. అందుకే కాల్ వస్తే కాల్ కనపడింది. రేపు ఓటీపీ వచ్చినా, వాట్సాప్‌లో ఎవరైనా ఏదైనా పంపినా హాల్లో అందరూ చదువుతారు.

యూట్యూబ్ లోపల ఉన్న ఆ డబ్బా గుర్తు కాస్టింగ్. అక్కడ ఫోన్ వీడియోని పంపదు. ఫలానా వీడియో, ఇన్నో నిమిషం నుంచి అని టీవీకి చిరునామా మాత్రం ఇస్తుంది. ఆ తర్వాత టీవీయే నేరుగా యూట్యూబ్ సర్వర్ నుంచి లైవ్ తెచ్చుకుంటుంది, ఫోన్ రిమోట్‌గా మిగులుతుంది. మీ అన్‌లిస్టెడ్ లింక్‌కి కావలసింది సరిగ్గా ఇదే: ఫోన్‌లో లింక్ నొక్కితే యూట్యూబ్ యాప్‌లో తెరుచుకుంటుంది, గుర్తు నొక్కితే టీవీకి వెళ్లిపోతుంది, ఆ పొడవాటి లింక్‌ని రిమోట్‌తో కొట్టే పని ఉండదు.

మీ ఫోన్‌లో జరుగుతున్నది ఏదో తేల్చుకోవాలంటే తెర ఆపేసి చూడండి. టీవీలో వీడియో నడుస్తూనే ఉంటే కాస్టింగ్, టీవీ కూడా ఆగిపోయినా నల్లబడినా మిర్రరింగ్.

కిరణ్, రెండూ ఒకటే అనడం సరికాదు. 2.4, 5 విషయం కూడా సగమే నిజం. ఒకే రౌటర్ ఇచ్చే రెండు పేర్లు మామూలుగా లోపల ఒకే నెట్‌వర్క్. ఫోన్ ఒకదానికి, టీవీ ఇంకోదానికి కలిసినా ఒకదానికొకటి కనపడాలి. గెస్ట్ వైఫై అయితే మాత్రం కనపడవు, దాన్ని విడిగా ఉంచడానికే పెట్టారు.

శ్రీధర్ గారూ, నాకు రెండు సంగతులు చెప్పండి. ఫోన్‌లో వైఫై సెట్టింగ్స్‌లోకి వెళ్లి కలిసి ఉన్న వైఫై పేరు మీద నొక్కితే ఐపీ అడ్రస్ కనిపిస్తుంది, అది. టీవీలో సెట్టింగ్స్, నెట్‌వర్క్, స్టేటస్ దగ్గర ఉండే ఐపీ అడ్రస్, అది. ఇంట్లో రౌటర్లు ఎన్ని ఉన్నాయో కూడా రాయండి.

కిరణ్_టెక్ | మంగళవారం రాత్రి 10:40

మరి మా ఇంట్లో 2.4కి మార్చగానే కనపడింది కదా మూర్తి గారూ. ఒకే రౌటర్, గెస్ట్ వైఫై కూడా లేదు.

వైఫై_మూర్తి | మంగళవారం రాత్రి 10:52

అలా కూడా జరుగుతుంది కిరణ్, కాదనను. టీవీని వెతకడానికి ఫోన్ నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ వినపడేలా ఒక పిలుపు వేస్తుంది, 224.0.0.251 అనే అడ్రస్‌కి, ఇక్కడ కాస్ట్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. దానికి టీవీ జవాబిస్తేనే మీ జాబితాలో పేరు వస్తుంది. కొన్ని రౌటర్లు ఆ పిలుపుని ఒక బ్యాండ్ నుంచి ఇంకో బ్యాండ్‌కి సరిగ్గా దాటనివ్వవు. మీ రౌటర్ అలాంటిదై ఉండొచ్చు, లేదా వైఫై మార్చినప్పుడు కొత్తగా కలవడం వల్లే దొరికి ఉండొచ్చు. ఇక్కడినుంచి నేను తేల్చలేను. కానీ 2.4, 5 ఎప్పుడూ వేర్వేరు నెట్‌వర్కులు అని శ్రీధర్ గారు అనుకుంటే వెతకాల్సిన చోట వెతకరు.

శ్రీధర్_ములుగు | బుధవారం ఉదయం 7:05

మూర్తి గారూ, ఫోన్‌లో 192.168.0.104 అని ఉంది. టీవీలో 192.168.1.7. రౌటర్లు రెండు. ఫైబర్ వాళ్లు పెట్టిన డబ్బా కింద హాల్లో ఉంది, దానికీ వైఫై ఉంది. మేడ మీద సిగ్నల్ అందడం లేదని నేను విడిగా ఇంకో రౌటర్ కొని, కింద డబ్బా నుంచి వైరు లాగి పైన పెట్టించాను. టీవీ కింద వైఫైకి, నా ఫోన్ పై వైఫైకి కలిసి ఉన్నాయి. రెంటిలోనూ నెట్ బాగానే వస్తోంది.

వైఫై_మూర్తి | బుధవారం ఉదయం 7:38

దొరికింది. మూడో అంకె చూడండి, ఫోన్‌కి 0, టీవీకి 1. మీ ఇంట్లో ఒక నెట్‌వర్క్ లోపల ఇంకో నెట్‌వర్క్ ఉంది. కింద డబ్బా ఒకటి నడుపుతోంది, పై రౌటర్ ఆ వైరుని తనకి వచ్చిన ఇంటర్నెట్ లైన్ అనుకుని, తన వెనక సొంతంగా ఇంకో నెట్‌వర్క్ పెట్టుకుంది. రెండు వైపుల నుంచీ ఇంటర్నెట్ వస్తుంది కాబట్టి తేడా ఉన్నట్టు ఎవరికీ అనిపించదు. కానీ ఇందాక కిరణ్‌తో చెప్పిన పిలుపు ఒక నెట్‌వర్క్ దాటి ఇంకోదాంట్లోకి పోదు. మీ ఫోన్ పిలుస్తోంది, టీవీకి అది వినపడడం లేదు. రెండు రౌటర్లున్న ఇళ్లలో టీవీ పేరు రాలేదంటే నేను మొదట అడిగేది ఈ అంకెనే.

శనివారానికి సరిపోయే పరిష్కారం: ఫోన్‌ని కింద వైఫైకి కలపండి. టీవీ హాల్లోనే ఉంది, మీరూ అక్కడే కూర్చుంటారు. ఫోన్ ఐపీ కూడా 192.168.1 తో మొదలైందో లేదో చూసి, యూట్యూబ్ మూసి తెరిచి, గుర్తు నొక్కండి. ఫోన్‌లో వీపీఎన్ ఏదైనా ఉంటే ఆపండి, దాని వల్ల కూడా ఫోన్ ఇంట్లో ఉన్న టీవీని చూడలేకపోతుంది.

శాశ్వత పరిష్కారం: పై రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపరేషన్ మోడ్‌ని యాక్సెస్ పాయింట్‌కి మార్చండి. అప్పుడు అది సొంత నెట్‌వర్క్ నడపడం మానేసి, కింద ఉన్నదాన్నే మేడ మీద కూడా అందిస్తుంది, మేడ మీద ఫోన్లకి కూడా కింద డబ్బాయే అడ్రస్‌లు ఇస్తుంది. ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే ముందు దాని సొంత అడ్రస్‌ని కింద నెట్‌వర్క్‌లోకి, అంటే 192.168.1 తో మొదలయ్యే, వేరెవరూ వాడని ఒక అడ్రస్‌కి మార్చి, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి, కింద నుంచి వచ్చే వైరుని వాన్ అని రాసిన పోర్టు నుంచి తీసి లాన్ పోర్టుల్లో ఒకదానికి పెట్టాలి. ఇది మాత్రం పెళ్లి అయ్యాక తీరిగ్గా చేసుకోండి. శుక్రవారం రాత్రి రౌటర్ సెట్టింగ్స్ ముట్టుకోవద్దు.

అనిల్_దోహా | బుధవారం ఉదయం 9:10

శ్రీధర్ అన్నా, ఒకే వైఫై కాకపోయినా పని జరిగే దారి ఒకటుంది. మా కంపెనీ రూముల్లో వైఫైకి ఎన్ని ఫోన్లు కలిపినా ఒకదానికొకటి కనపడవు, వాళ్లు కావాలనే అలా పెట్టారు, హోటళ్లలో కూడా చాలా చోట్ల ఇంతే. మేం చేసేది ఏంటంటే, టీవీలో యూట్యూబ్ తెరిచి సెట్టింగ్స్‌లో "Link with TV code" కి వెళ్తే ఒక అంకెల కోడ్ వస్తుంది. ఫోన్ యూట్యూబ్ సెట్టింగ్స్‌లో "Watch on TV", అందులో "Enter TV code", అక్కడ ఆ అంకెలు కొడితే రెండూ కలిసిపోతాయి. నా ఫోన్ మొబైల్ డేటా మీద ఉంటుంది, టీవీ కంపెనీ వైఫై మీద ఉంటుంది, అయినా నడుస్తుంది. ఒకసారి కలిపితే మళ్లీ మళ్లీ కోడ్ అడగదు.

వైఫై_మూర్తి | బుధవారం ఉదయం 9:44

చాలా మంచి సూచన అనిల్. ఇది పనిచేయడానికి కారణం, ఇక్కడ ఫోన్ టీవీని ఇంట్లో వెతకడం లేదు. రెండూ యూట్యూబ్ సర్వర్‌తో మాట్లాడుతున్నాయి, ఫోన్ చెప్పింది సర్వర్ ద్వారా టీవీకి చేరుతోంది. శ్రీధర్ గారూ, ఇవాళే కోడ్‌తో కూడా ఒకసారి కలిపి ఉంచండి. శనివారం వైఫై దారి మొరాయిస్తే ఇది ఉంటుంది. అయితే యూట్యూబ్‌లో ఉన్న ఈ సౌకర్యం అన్ని యాప్‌లలోనూ ఉండదు.

లలిత గారూ, ఇప్పుడు మీది. మెనూలు కనపడి, సినిమా మాత్రమే నల్లబడి, మాటలు వినపడుతున్నాయంటే అది కాపీ కాకుండా పెట్టిన రక్షణ. మిర్రరింగ్ అంటే తెరని వీడియోగా తీయడమే కాబట్టి స్క్రీన్ రికార్డింగ్‌కీ దానికీ యాప్ దృష్టిలో పెద్ద తేడా లేదు. అందుకని సినిమా ఉన్న భాగాన్ని తీయనివ్వొద్దని యాప్ ఫోన్‌కి చెబుతుంది. సినిమా నడుస్తుండగా ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీయండి. అది కూడా నల్లగా వచ్చినా, తీయడానికి వీల్లేదని మెసేజ్ వచ్చినా, కారణం ఇదే. ప్యానెల్‌కి సంబంధం లేదు. టీవీలోనే ఆ యాప్ ఉంటే అందులో లాగిన్ అవ్వండి, లేదా ఆ యాప్ లోపల కాస్ట్ గుర్తు ఉంటే అది నొక్కండి, అప్పుడు సినిమాని టీవీయే తెచ్చుకుంటుంది.

లలిత_కాకినాడ | బుధవారం ఉదయం 11:20

స్క్రీన్‌షాట్ నల్లగానే వచ్చిందండి! సర్వీస్ వాళ్లకి ఫోన్ చేయలేదు, థాంక్స్ అండి. కానీ మా ప్లాన్ మొబైల్‌కి మాత్రమే, టీవీలో లాగిన్ అయితే ప్లాన్ మార్చుకోమంటోంది. డబ్బు కట్టిన సినిమాని నా టీవీలో నేను చూసుకోవడానికి ఇంకో దారి లేదా?

వైఫై_మూర్తి | బుధవారం మధ్యాహ్నం 12:05

మొబైల్ ప్లాన్ తక్కువ ధరకి ఇచ్చేది ఫోన్‌లోనే చూడమని లలిత గారూ, ఆ షరతుని ఏ పద్ధతీ దాటించదు. మిర్రరింగ్‌కి నలుపు అడ్డం, కాస్టింగ్‌కి ప్లాన్ అడ్డం. నల్లతెర తీసేస్తామని చెప్పే యాప్‌లు కనపడతాయి, వాటిని మాత్రం పెట్టుకోకండి. అవి ఫోన్ తెర మొత్తం చదివే అనుమతి అడుగుతాయి, మీ బ్యాంకు యాప్ కూడా ఆ తెర మీదే కదా తెరిచేది.

సుజాత_టీచర్ | బుధవారం సాయంత్రం 5:30

మిర్రరింగ్‌ని మరీ తీసిపారేయకండి. మాది జిల్లా పరిషత్ హైస్కూల్. మా క్లాసులో వైఫై లేదు, ఫోన్ సిగ్నల్ కూడా కిటికీ దగ్గరే. అయినా నా ఫోన్‌లో ఉన్న పాఠ్యపుస్తకం పీడీఎఫ్, నేను తీసిన ఆకుల ఫోటోలు, పిల్లల నోట్‌బుక్ లెక్కలు అన్నీ టీవీలో చూపిస్తున్నాను. పిల్లవాడు చేసిన లెక్క మీద ఫోన్ కెమెరా పట్టుకుంటే క్లాసంతా చూస్తుంది. ఇదంతా కాస్టింగ్‌తో అవుతుందా? ఇంకో ప్రశ్న. ఎప్పుడైనా యూట్యూబ్ వీడియో చూపించాలంటే నా హాట్‌స్పాట్‌కి టీవీని కలుపుతున్నాను, ఒక్క పీరియడ్‌కే రోజు డేటా మొత్తం అయిపోతోంది. అదే వీడియో నా ఫోన్‌లో చూస్తే అంత పోదు. ఎందుకు?

వైఫై_మూర్తి | బుధవారం రాత్రి 9:15

సుజాత గారూ, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మీరు వాడుతున్నది మిరాకాస్ట్ అయి ఉంటుంది, 2012లో వచ్చిన పద్ధతి. ఫోనూ టీవీ మధ్యలో రౌటర్ లేకుండా నేరుగా వైఫైతో కలుస్తాయి, ఇంటర్నెట్ అవసరమే లేదు. కెమెరా, పీడీఎఫ్, ఫోటోలు ఇవన్నీ ఫోన్‌లోనే ఉన్నవి. నెట్‌లో చిరునామా లేనిదాన్ని టీవీ వెళ్లి తెచ్చుకోలేదు, అందుకే మీ పనికి మిర్రరింగే సరైనది. ఫోన్ మార్చేటప్పుడు మాత్రం చూసుకోండి. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో మిరాకాస్ట్ లేదు, ఐఫోన్లలో అసలే లేదు, ఐఫోన్లకి ఆపిల్ వాళ్ల ఎయిర్‌ప్లే ఉన్న టీవీ గానీ డబ్బా గానీ కావాలి. మీ క్లాసు టీవీలో అది ఉందో లేదో ముందే చూసుకోవాలి.

డేటా సంగతి. హాట్‌స్పాట్‌కి కలిపి టీవీలో యూట్యూబ్ పెడితే వీడియో తెచ్చుకునేది టీవీ. క్వాలిటీ ఎంచుకునేదీ టీవీయే. పెద్ద తెర కదా, నెట్ ఇస్తున్నంత మేరా 1080 దాకా, 4కే టీవీ అయితే ఇంకా పైకి పోతుంది. అదే ఫోన్ మొబైల్ డేటా మీద ఉందని తెలుసుకుని చాలాసార్లు తక్కువ క్వాలిటీ దగ్గరే ఆగుతుంది. తేడా ఎంత ఉంటుందంటే, హెచ్‌డీకి గంటకి 3 జీబీ దాకా, 4కేకి 7 జీబీ దాకా ఖర్చవుతుందని నెట్‌ఫ్లిక్స్ తన సహాయ పేజీలో చెబుతుంది. యూట్యూబ్ లెక్క కాస్త వేరుగా ఉన్నా తీరు ఇదే. రోజుకి 1.5 జీబీ ప్యాక్ దానికి ఏ మూలకి?

కాబట్టి మీరు టీవీని హాట్‌స్పాట్ నుంచి తీసేయండి. ఫోన్‌లోనే 480లో వీడియో పెట్టి దాన్ని మిర్రర్ చేయండి. ఫోన్ నుంచి టీవీకి పోయే బొమ్మ గాల్లో మీ గదిలోనే పోతుంది, డేటా ప్యాక్‌లోంచి కట్ అవ్వదు. ఇంకా మంచిది, ముందు రోజు ఇంట్లో వైఫై మీద యూట్యూబ్ యాప్‌లో డౌన్‌లోడ్ చేసి ఉంచుకుంటే క్లాసులో సిగ్నల్ కోసం కిటికీ దగ్గరికి వెళ్లనక్కర్లేదు.

సుజాత_టీచర్ | బుధవారం రాత్రి 9:40

టీవీలోనే క్వాలిటీ 480కి తగ్గిస్తే సరిపోదా? డౌన్‌లోడ్ బటన్ అన్ని వీడియోలకీ రావడం లేదు.

వైఫై_మూర్తి | బుధవారం రాత్రి 9:58

తగ్గించవచ్చు మేడమ్, వీడియో నడుస్తుండగా సెట్టింగ్స్‌లో క్వాలిటీ ఉంటుంది. మరుసటి వీడియోకి మళ్లీ పైకి పోతోందేమో చూసుకుంటూ ఉండాలి, అదొక్కటే ఇబ్బంది.

శ్రీధర్_ములుగు | గురువారం రాత్రి 8:20

ఫోన్‌ని కింద వైఫైకి మార్చాను, ఐపీ 192.168.1.9 వచ్చింది. యూట్యూబ్‌లో గుర్తు నొక్కగానే టీవీ పేరు వచ్చేసింది! పాత లైవ్ లింక్ ఒకటి వాట్సాప్‌లో ఉంటే అది నొక్కి పంపాను, గంటసేపు ఒక్కసారి కూడా ఆగలేదు. ఫోన్ లాక్ చేసినా నడిచింది, మధ్యలో మా ఆవిడ ఫోన్ చేసినా టీవీ మీద ఏమీ రాలేదు. టీవీ కోడ్ కూడా కలిపి ఉంచాను అనిల్ తమ్ముడూ.

ఒక వింత గమనించాను. మా అబ్బాయి ఫోన్‌లో కూడా టీవీలో ఏం నడుస్తోందో నోటిఫికేషన్ వచ్చింది, వాడు నొక్కితే ఇక్కడ ఆగిపోయింది. ఇంకోటి, ఉత్సుకత కొద్దీ అడుగుతున్నాను, మిర్రరింగ్‌లో ఎందుకు అంతలా ఆగింది? నెట్ 100 ఎంబీపీఎస్ కదా.

వైఫై_మూర్తి | గురువారం రాత్రి 9:30

సంతోషం శ్రీధర్ గారూ. ఆ నోటిఫికేషన్ ఒకే వైఫైలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లకి వస్తుంది. తాళి కట్టే సమయానికి ఏ చిన్నపిల్లాడో నొక్కకుండా, చుట్టాల ఫోన్లని ఆ వైఫైకి కలపకండి, మీ అబ్బాయి ఫోన్‌ని మేడ మీద వైఫైకి ఉంచండి. మీ రెండు నెట్‌వర్కుల ఏర్పాటు ఆ ఒక్క రాత్రికి ఇలా పనికొస్తుంది.

ఆగడం గురించి. 100 ఎంబీపీఎస్ అనేది బయటినుంచి మీ ఇంటిదాకా వచ్చే లైను. ఆగింది ఇంటి లోపల గాల్లో. మిర్రరింగ్‌లో మీ ఫోన్ ఒకే వైఫై రేడియోతో రెండు పనులు చేస్తోంది: మేడ మీది రౌటర్ నుంచి వీడియో దించుకోవడం, టీవీకి బొమ్మ పంపడం. రౌటర్ ఒక ఛానెల్‌లో, టీవీతో నేరుగా పెట్టుకున్న లింక్ ఇంకో ఛానెల్‌లో ఉంటే, చాలా ఫోన్లలో రేడియో ఆ రెంటి మధ్యా అటూ ఇటూ గెంతుతూ ఉండాలి. ఇటు వచ్చినప్పుడు అటు ఆగుతుంది. పైగా మీరు హాల్లో ఉండి మేడ మీది రౌటర్‌కి కలిసి ఉన్నారు, సిగ్నల్ బలహీనంగా ఉంటే అదే డేటాకి ఎక్కువసేపు గాలిని ఆక్రమించాల్సి వస్తుంది. కాస్టింగ్‌లో అయితే కింద డబ్బా నుంచి టీవీకి ఒక్కసారే పోతుంది, మధ్యలో ఫోన్ లేదు.

ఇదే కారణమో కాదో తేల్చుకోవచ్చు. ఫోన్‌లో వైఫై స్విచ్ ఆన్‌లోనే ఉంచి, ఇంటి వైఫై పేరుని మాత్రం ఫర్గెట్ చేయండి. ఇప్పుడు టీవీకి మిర్రర్ చేసి గ్యాలరీలో ఫోన్‌తో తీసిన వీడియో ఏదైనా వేయండి. సాఫీగా వస్తే ఒకే రేడియో రెండు పనులు చేయడమే కారణమై ఉండొచ్చు. అప్పటికీ ఆగుతుంటే ఫోన్ ఆ కుదించే పనికి చాలడం లేదో, టీవీ వైపు లోపమో, పక్కిళ్ల వైఫైల రద్దీయో చూడాలి.

కిరణ్_టెక్ | గురువారం రాత్రి 9:52

మూర్తి గారూ, ఆ టెస్ట్ నేను ఇప్పుడే చేశా. గ్యాలరీ వీడియో సూపర్‌గా వచ్చింది. మొబైల్ డేటా మీద యూట్యూబ్ పెట్టి మిర్రర్ చేసినా పర్లేదు. ఇంటి వైఫైకి కలిపితే మళ్లీ జర్క్స్. కానీ 2.4కి కలిపినప్పుడు తక్కువ, 5కి కలిపినప్పుడు ఎక్కువ. దీనికేం కారణం?

వైఫై_మూర్తి | గురువారం రాత్రి 10:10

మీ టీవీ 2.4 మాత్రమే పట్టుకునేదై ఉండొచ్చు. అప్పుడు ఫోన్ రౌటర్‌తో కూడా 2.4లోనే ఉంటే రెండు లింకులూ ఒకే ఛానెల్‌లో కుదిరే అవకాశం ఉంది, గెంతే పని తగ్గుతుంది. టీవీ 5 కూడా పట్టేదైతే నా ఊహ తప్పు. టీవీ వైఫై జాబితాలో మీ 5 పేరు కనపడుతుందో లేదో చూసి చెప్పండి.

ప్రణయ్_గేమ్స్ | శుక్రవారం ఉదయం 8:15

ఇంత కష్టం దేనికి, టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ కొనుక్కుంటే వైఫై గొడవే ఉండదు కదా? నేను ఫోన్ గేమ్ టీవీలో ఆడదామని మిర్రర్ చేస్తే, నొక్కిన కాసేపటికి గానీ టీవీలో బొమ్మ కదలడం లేదు. కేబుల్ ఆర్డర్ పెడుతున్నాను.

వైఫై_మూర్తి | శుక్రవారం ఉదయం 8:50

ఆగండి ప్రణయ్, ముందు ఫోన్ చూసుకోండి. గేమ్‌కి కేబులే సరైనది, కుదించి విప్పే ఆలస్యం అందులో దాదాపు ఉండదు, మీరన్నది నిజం. కానీ టైప్-సి రంధ్రం ఉన్న ప్రతి ఫోన్ బొమ్మని బయటికి పంపలేదు. ఆ పోర్టులో డిస్‌ప్లేపోర్ట్ సౌకర్యం ఉండాలి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి యూఎస్‌బీ 2.0 పోర్టే ఉంటుంది, అది ఛార్జింగ్‌కి, ఫైళ్లకి, అంతే. కేబుల్ ఎంత మంచిదైనా టీవీలో సిగ్నల్ లేదనే వస్తుంది. ఐఫోన్లలో 15 నుంచి టైప్-సి ద్వారా వస్తుంది. ఆండ్రాయిడ్‌లో మోడల్‌ని బట్టి, స్పెసిఫికేషన్లలో DisplayPort అన్న మాట ఉందేమో వెతకండి.

గేమ్ ఆడేటప్పుడు టీవీలో పిక్చర్ మోడ్‌ని గేమ్‌కి మార్చడం మరచిపోకండి, టీవీ సొంతంగా బొమ్మని మెరుగుపరిచే పనులకి తీసుకునే సమయం తగ్గుతుంది. అది మిర్రరింగ్‌లోనూ కాస్త ఉపయోగమే.

ప్రణయ్_గేమ్స్ | శుక్రవారం ఉదయం 9:20

నా ఫోన్ పేజీలో యూఎస్‌బీ టైప్-సి అని మాత్రమే ఉంది, 2.0 అని గానీ DisplayPort అని గానీ ఏమీ రాయలేదు. ఇప్పుడేం చేయాలి?

అనిల్_దోహా | శుక్రవారం ఉదయం 9:47

తమ్ముడూ, ఆన్‌లైన్‌లో పెట్టకు. ఫోన్ పట్టుకుని షాపుకి వెళ్లి, అక్కడి టీవీకో మానిటర్‌కో ఆ కేబుల్ తగిలించి చూపించమను. బొమ్మ వస్తేనే డబ్బులివ్వు.

కిరణ్_టెక్ | శుక్రవారం ఉదయం 10:02

మూర్తి గారూ, చూశాను, మా టీవీ జాబితాలో 5 పేరు కూడా కనపడుతోంది. మరి 2.4లో జర్క్స్ ఎందుకు తక్కువ?